చివరి ప్రశ్నను ముందుగా రాయండి: ఋతువుల పాఠంలో ప్రశ్నల వరుస

(ఉన్నత పాఠశాలల సైన్సు, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మధ్యాహ్న భోజనం తర్వాత మాట్లాడేవాడి కష్టం మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆరో పీరియడ్ మీరందరూ చెబుతూనే ఉంటారు. అందుకని నేరుగా తరగతి గదిలోకి వెళ్దాం. ఎనిమిదో తరగతి, ఋతువులు ఏర్పడే పాఠం. మన బడుల్లో ఆ పాఠం సాధారణంగా ఇలా నడుస్తుంది.

"భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని ఏమంటాం? భ్ర..." తరగతి మొత్తం "భ్రమణం!" అంటుంది. "సూర్యుని చుట్టూ తిరగడాన్ని? పరి..." "పరిభ్రమణం!" "భూమి అక్షం ఎన్ని డిగ్రీలు వంగి ఉంది? ఇరవై మూడు..." "న్నర!" "అందువల్ల ఏమి ఏర్పడతాయి? ఋతు..." "వులు!"

(నవ్వులు)

నవ్వుతున్నారు కాబట్టి గుర్తుపట్టారన్నమాట. ఇందులో పిల్లలు చేసిన పని ఏమిటో చూడండి. మాటలో మొదటి సగం ఉపాధ్యాయుడిది, రెండో సగం తరగతిది. పక్కవాడి నోరు చూసి కూడా ఆ రెండో సగం అనవచ్చు. అయినా బయట వరండాలో నడిచి వెళ్లే ప్రధానోపాధ్యాయులకు తరగతి చాలా చురుగ్గా ఉన్నట్టు వినిపిస్తుంది.

దీనికి విరుగుడుగా శిక్షణ తరగతుల్లో మనకు బ్లూమ్ నిచ్చెన ఇచ్చారు. జ్ఞాపకం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, ఇలా పైకి. ఒక్కో మెట్టుకు ఎదురుగా క్రియల పట్టిక: నిర్వచించండి, వర్గీకరించండి, పోల్చండి, విశ్లేషించండి, సమర్థించండి. బీఎడ్ పాఠ్య ప్రణాళికలో ఆ క్రియలు తలా ఒకటి పడితే మార్కులు పడతాయి. ఇక్కడ ఒక చిన్న చరిత్ర గుర్తుంచుకోవాలి. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు ఆ వర్గీకరణను ప్రకటించినప్పుడు వాళ్లలో ఎక్కువ మంది అమెరికా విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాలవాళ్లు. పరీక్ష ప్రశ్నలను ఒక పద్ధతిలో విడదీసి, ఒకరితో ఒకరు పంచుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ దాన్ని సవరించి పేర్లను క్రియలుగా మార్చారు, మూల్యాంకనం పైన సృజనను పెట్టారు. అంతే తప్ప, ఒక పీరియడ్‌లో ప్రశ్నలు ఈ వరుసలోనే అడుగుతూ పోవాలని ఆ వర్గీకరణ చెప్పలేదు. ఒక ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్నకు పిల్లవాడు ఎలా వెళ్తాడన్నది అందులో లేదు. అది మనమే కట్టుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. "ఋతువులు ఎందుకు ఏర్పడతాయి?" అన్న ప్రశ్న చూడటానికి విశ్లేషణలా ఉంటుంది, "ఎందుకు" ఉంది కదా. కానీ పాఠ్యపుస్తకంలో "అక్షం వంగి ఉండటం వల్ల, సూర్యుని చుట్టూ పరిభ్రమించడం వల్ల" అని గీత గీసుకున్న వాక్యం ఉంది. పిల్లవాడు ఆ వాక్యం అప్పజెబుతాడు. అది జ్ఞాపకమే. ప్రశ్న ఏ మెట్టు మీద ఉందన్నది ప్రశ్నలోని క్రియను చూసి చెప్పలేం. జవాబు పిల్లవాడి దగ్గర ముందే తయారుగా ఉందా, ఇప్పుడు కట్టుకోవాలా అన్నది చూసి చెప్పాలి. ఒకే ప్రశ్న సోమవారం విశ్లేషణ, మంగళవారం జ్ఞాపకం అవుతుంది.

కాబట్టి నేను చెప్పబోయే పద్ధతి తలకిందులుగా మొదలవుతుంది. పీరియడ్ చివర పిల్లలు ఏ విషయం మీద తీర్పు చెప్పాలో ఆ ప్రశ్నను ముందుగా రాసుకోండి. దాని నుంచి వెనక్కు నడవండి. ఈ తీర్పు చెప్పాలంటే చేతిలో ఏ ఆధారాలు ఉండాలి? ఆ ఆధారాలను విడదీసి చూడాలంటే ఏ సంగతులు గుర్తుండాలి? అవసరమైనవే జ్ఞాపక ప్రశ్నలు. మిగతావి ఈ పీరియడ్‌కు అనవసరం.

ఋతువుల పాఠానికి నా చివరి ప్రశ్న ఇది: "వేసవిలో భూమి సూర్యునికి దగ్గరగా వస్తుంది కాబట్టి ఎండ ఎక్కువ అని ఒకరంటారు. అక్షం వంగి ఉంది కాబట్టి అని ఇంకొకరంటారు. మన నల్లబల్ల మీద ఉన్న ఆధారాల్లో ఏవి ఏ వివరణకు సరిపోతాయి, ఏవి ఎదురు తిరుగుతాయి? మీరు ఒప్పుకున్న వివరణ కూడా చెప్పలేనిది ఏమైనా మిగిలిందా?"

ఇందులో మూడో వాక్యం ముఖ్యం. కొలబద్ద లేకుండా "ఏది సరైనది?" అని అడిగితే పిల్లలు ఉపాధ్యాయుడి ముఖం చూసి ఓటు వేస్తారు. సరిపోయే ఆధారం, ఎదురు తిరిగే ఆధారం అనే కొలబద్ద ఇచ్చినప్పుడే దాన్ని మూల్యాంకనం అనగలం.

ఇక వెనక్కు నడుద్దాం. దీనికి గుర్తుండవలసినవి మూడే. మనకు ఎండలు మండేది ఏ నెలల్లో, చలి ఏ నెలల్లో. అక్షం 23½ డిగ్రీలు వంగి ఉంది, ఏడాది పొడుగునా ఒకే దిక్కుకు వంగి ఉంటుంది. భూమధ్యరేఖకు అటూ ఇటూ రెండు అర్ధగోళాలు. అంతే. భ్రమణానికి 23 గంటల 56 నిమిషాలు, పరిభ్రమణానికి 365¼ రోజులు, లీపు సంవత్సరం, ఇవన్నీ మంచి సంగతులే, పరీక్షలో వస్తాయి కూడా. కానీ ఈ వరుసలో వాటికి పని లేదు. వాటిని వేరే రోజుకు ఉంచుకోండి. జ్ఞాపక ప్రశ్నలకు నాలుగైదు నిమిషాలు దాటితే మన నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో చివరి ప్రశ్న గంట కొట్టాక వస్తుంది.

ఆ మూడింటి జవాబులూ నల్లబల్ల మీద ఒక మూలన రాసి, చివరి దాకా చెరపకండి. దీని గురించి మళ్లీ చెబుతాను.

తర్వాతి ప్రశ్న: "మేలో ఎండ అంత ఎక్కువ ఎందుకని మీరు అనుకుంటున్నారు? నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయండి." చేతులెత్తమని అడగకండి, రాయమనండి. చేతులెత్తించినప్పుడు నలుగురు చెబుతారు, మిగతావాళ్లు వాళ్ల జవాబును తమదిగా చేసుకుంటారు. రాసినప్పుడు ప్రతి పిల్లా ఒక పందెం కాసినట్టే. బల్లల మధ్య నడుస్తూ చదవండి, దిద్దకండి. "సూర్యుడికి దగ్గరగా వస్తాం" అన్న జవాబు చాలా నోటుపుస్తకాల్లో కనిపిస్తుంది. పాఠ్యపుస్తకం చదివినవాళ్లలో కూడా కనిపిస్తుంది. అది తెలివితక్కువ జవాబు కాదు. పొయ్యికి దగ్గరగా కూర్చుంటే వేడి ఎక్కువ అని వాళ్లకు రోజూ తెలుస్తున్న సంగతే అందులో ఉంది. "తప్పు" అని కొట్టేస్తే ఆ ఆలోచన నోటుపుస్తకంలోంచి పోతుంది, తలలోంచి పోదు.

ఇప్పుడు వరుసలో అసలు మలుపు. ఆధారం చూపించడానికి ముందే అడగాలి: "దూరమే కారణమైతే, మన చలికాలంలో భూమి ఎక్కడ ఉండాలి? మనకు మే నెలలో ఎండాకాలం అయినప్పుడు ఆస్ట్రేలియాలో ఏ కాలం ఉండాలి?" దీన్ని పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మాట్లాడుకుని చెప్పాలి. మొదటి దానికి "దూరంగా ఉండాలి సార్" అంటారు. రెండో దానికి కొంచెం ఆగుతారు. ఎవరో ఒకరు "భూమంతా దగ్గరికి వస్తుంది కదా, వాళ్లకూ ఎండాకాలమే ఉండాలి" అంటారు. ఆ మాట పిల్లల నోటి నుంచి రావాలి. వాళ్ల వివరణ నుంచి వాళ్లే ఒక జోస్యం చెప్పారు. దాన్ని వాళ్ల మాటల్లోనే నల్లబల్ల మీద రాయండి.

ఆ తర్వాతే ఆధారం. 2024 డిసెంబరు చివర్లో మెల్‌బోర్న్ టెస్టులో మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు. తరగతిలో క్రికెట్ చూసేవాళ్లు ఉంటారు. "అప్పుడు అక్కడ ఏ కాలం?" చూసినవాడికి తెలుసు, ఎండాకాలం. మనం దుప్పట్లు కప్పుకుని పొద్దున్నే లేచి చూసిన ఆట వాళ్లకు వేసవి సెలవుల ఆట. దాని పక్కనే రెండు అంకెలు రాయండి. జనవరి మొదటి వారంలో భూమికీ సూర్యుడికీ మధ్య దూరం దాదాపు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జులై మొదటి వారంలో 15 కోట్ల 21 లక్షలు. ఈ అంకెలను బట్టీ పట్టించవద్దు, ఇవి ఆధారాలుగా బల్ల మీద ఉంటే చాలు. ఆ చివరి బిందువుల పేర్లు పరిహేళి, అపహేళి అని కూడా ఈ క్షణాన చెప్పనక్కర్లేదు. చెబితే పిల్లల దృష్టి పేరు రాసుకోవడం మీదికి పోతుంది, అంకెల్లో ఉన్న వింత జారిపోతుంది.

ఇప్పుడు ఒకే ప్రశ్న: "మీరు చెప్పిన జోస్యం, ఈ ఆధారం పక్కపక్కన పెట్టి చూడండి. ఏమి కనిపిస్తోంది?" ఇక్కడ నోరు మూసుకుని నిలబడటం ఉపాధ్యాయుడికి అన్నిటికంటే కష్టమైన పని.

ఈ మౌనం గురించి మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో చాలా తరగతుల టేపులు విని రాశారు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. పిల్లలు జవాబు చెప్పాక తామేదో అనడానికి అంత కూడా ఆగడం లేదు. ఈ రెండు చోట్లా మూడు సెకన్లు, అంతకు మించి ఆగినప్పుడు జవాబులు పొడుగయ్యాయి, అడగకుండానే మాట్లాడేవాళ్లు పెరిగారు, జవాబే రాకపోవడం తగ్గింది. మొదటి చోటు గురించి అందరం విన్నాం. నా దృష్టిలో రెండోది ఇంకా విలువైనది. పిల్లవాడు "జనవరిలోనే దగ్గరగా ఉన్నాం" అని ఆగాడనుకోండి. మనం వెంటనే "వెరీ గుడ్!" అంటే అక్కడితో కథ ముగిసింది. మూడు సెకన్లు ఊరుకుంటే "కానీ మనకు జనవరిలో చలి... అయితే దూరం కాదేమో" అని రెండో సగం వస్తుంది. విశ్లేషణ ఆ రెండో సగంలోనే ఉంది. అయితే జ్ఞాపక ప్రశ్నల దగ్గర ఈ మౌనం వల్ల లాభం లేదు. అక్షం ఎన్ని డిగ్రీలు వంగిందో గుర్తుంటే ఉంది, లేకపోతే లేదు. ఎంతసేపు ఆగినా ఊరదు.

ఆ మౌనం భరించలేకపోతే ఏమవుతుందో ఒక ఊహా సంభాషణ చెబుతాను.

"ఏమి కనిపిస్తోంది?"
(ఎవరూ మాట్లాడరు.)
"జనవరిలో దూరం తక్కువే కదా?"
"అవును సార్."
"జనవరిలో మనకు చలి కదా?"
"అవును సార్."
"అయితే దూరం కారణం కాదు కదా?"
"కాదు సార్."

ఉపాధ్యాయుడు దినచర్య పుస్తకంలో "విశ్లేషణ సాధించబడింది" అని రాసుకోవచ్చు. సాధించింది ఆయనే. పెద్ద ప్రశ్నను "కదా" చేర్చి చిన్న ముక్కలుగా కోసి, నమలడం కూడా తానే చేశాడు. తరగతి తల ఊపింది. మీ తరగతిని ఫోనులో ఒక పది నిమిషాలు రికార్డు చేసుకుని వినండి, మీ "కదా"లు లెక్కపెట్టుకోండి. పిల్లలు నిజంగా ఆగిపోతే సాయం చేయాలి, కాదనను. అప్పుడు ప్రశ్నను కోయకుండా చూపును మళ్లించండి. "బల్ల మీద ఏ రెండు గీతలు ఒకదానితో ఒకటి గొడవ పడుతున్నాయి? ఆ రెండింటినీ మీ పుస్తకంలో పక్కపక్కన రాయండి." ఎక్కడ చూడాలో చెప్పాం, ఏమి కనిపిస్తుందో చెప్పలేదు.

ఇక్కడికి పీరియడ్ సగం అయింది. దూరం వివరణ బీటలు వారింది. ఇప్పుడు వంపును బట్టి ఏమి జరుగుతుందో వాళ్లు చూడాలి. దీనికి టార్చిలైటు, గళ్ల కాగితం చాలు. టార్చి నిటారుగా పట్టుకుంటే వెలుగు ఎన్ని గళ్ల మీద పడింది? అంతే ఎత్తు నుంచి ఏటవాలుగా పడితే ఎన్ని గళ్లు? పిల్లలు లెక్కపెడతారు. హైదరాబాదుకు ఆ లెక్క వర్తింపజేస్తే ఇలా ఉంటుంది. హైదరాబాదు దాదాపు 17½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్ 21న 84 డిగ్రీలు, దాదాపు నడినెత్తి. నిటారుగా పడితే 100 గళ్లలో సరిపోయే వెలుగు, డిసెంబరు మధ్యాహ్నం 132 గళ్ల మీదికి పరుచుకుంటుంది. అంటే ఒక్కో గడికి నాలుగో వంతు తగ్గింది. దానికి తోడు పగలు జూన్‌లో 13 గంటల పైచిలుకు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు.

ఈ అంకెలు మీకోసం. పిల్లలకు రెండు చాలు: గళ్ల లెక్క, పగటి నిడివి.

ఇప్పుడు చాలామంది ఉపాధ్యాయులు ఊపిరి పీల్చుకుని, "అర్థమైందా? దేని వల్ల ఋతువులు?" అంటారు. "వంపు వల్ల సార్!" అని జవాబు. పీరియడ్ బాగా జరిగిందనిపిస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఆగుతాను.

సరైన మాట అన్న పిల్లవాడిని ఇంకో ప్రశ్న అడగండి. "వంపు వల్ల మనకు ఏమవుతుంది?" "మన వైపు భూమి సూర్యుడి వైపుకు వంగుతుంది సార్." "వంగితే?" "దగ్గరవుతాం." చూశారా, పాత ఆలోచన కొత్త మాటను కప్పుకుని తిరిగి వచ్చింది. వంపు అనే జవాబును దూరం లోపల ఇముడ్చుకున్నాడు. పరీక్షలో "అక్షం వంపు" అని రాస్తాడు, పూర్తి మార్కులు వస్తాయి, ఆలోచన మాత్రం మారలేదు. మాట ఒప్పుగా ఉన్నంత కాలం దీన్ని జ్ఞాపక ప్రశ్నతో ఎప్పటికీ కనిపెట్టలేం.

దీన్ని ఎలా కదిలించాలి? మళ్లీ అతని లెక్కలోనే. "వంపు వల్ల దగ్గరవుతామంటున్నావు, సరే. ఎంత దగ్గరవుతాం? భూమి అడ్డకొలత మొత్తం దాదాపు 12,750 కిలోమీటర్లు. వంగినా అంతకు మించి దగ్గర కాలేం. జనవరి, జులై దూరాల మధ్య తేడా ఎంత?" బల్ల మీద ఉంది, 50 లక్షల కిలోమీటర్లు. "50 లక్షల కిలోమీటర్లు దగ్గరైన జనవరిలోనే మనకు చలి. అయితే ఈ 12 వేలు ఏమి చేయగలవు?" ఇది విశ్లేషణ ప్రశ్న. క్రియల పట్టిక చూసి దీన్ని రాయలేం. పిల్లవాడి జవాబు విన్నాకే పుట్టింది. అయితే ఇలాంటి జవాబు వస్తుందని ముందే తెలిసినవాడి చేతిలో ఆ 12,750 సిద్ధంగా ఉంటుంది. నా మటుకు పాఠ్య ప్రణాళికలో రాయవలసింది ఇదే: పిల్లలు ఇలా అనవచ్చు, అంటే నేను ఇది అడుగుతాను.

ముందుకు వెళ్లవచ్చా లేదా తేల్చుకోవడానికి నేను ఒక మలుపు ప్రశ్న పెడతాను. అందరూ ఒకేసారి వేళ్లతో చూపించాలి, పక్కవాడిని చూడకూడదు. "భూమి అక్షం వంగకుండా నిటారుగా ఉందనుకోండి. దూరాలు ఇప్పటిలాగే ఉన్నాయి. హైదరాబాదులో ఏమవుతుంది? ఒకటి, వేసవి ఇంకా ముదురుతుంది. రెండు, నెలకూ నెలకూ ఎండలో పెద్ద తేడా ఉండదు. మూడు, ఎప్పుడూ రాత్రి కంటే పగలే ఎక్కువ. నాలుగు, జనవరిలో ఎండ మిగతా నెలల కంటే కొంచెం ఎక్కువ."

ఒక వేలు చూపినవాళ్లకు నిటారు అంటే సూర్యుడు నిటారుగా ఉంటాడని తోచింది. అక్షం నిటారుగా ఉండటం, కిరణాలు నిటారుగా పడటం వాళ్లకు ఒకటే అయిపోయాయి. వాళ్లను గ్లోబు దగ్గరికి పిలవాలి. మూడు వేళ్లు చూపినవాళ్లకు పగటి నిడివి సంగతి తెగలేదు. రెండు సరైనది. నాలుగు చూపినవాళ్లను మాత్రం జాగ్రత్తగా చూడండి. వాళ్లు తప్పు చెప్పలేదు! వంపు లేకపోతే మిగిలేది దూరం తేడాయే. జనవరిలో భూమికి అందే సూర్యకాంతి జులై కంటే ఏడు శాతం దాకా ఎక్కువ. రెండు, నాలుగు కలిపి చూస్తేనే పూర్తి చిత్రం వస్తుంది. అందుకే నాలుగో జవాబును కావాలనే పెట్టాను. తరగతిలో ఎవరో ఒకరు "దూరానికి అసలు ప్రభావమే లేదు" అని అటు చివరికి వెళ్లిపోయి ఉంటారు. ఒక వివరణ గెలిచిందంటే రెండోది పూర్తిగా సున్నా అయిపోయిందనుకోవడం పిల్లలకే కాదు, పెద్దలకూ అలవాటే. ఏడు శాతాన్ని నాలుగో వంతుతో పోల్చమనండి. ఏది పెద్దది, ఎంత పెద్దది అని తూచడం కూడా మూల్యాంకనంలో భాగమే.

సగం మందికి పైగా ఒకటి, మూడు చూపిస్తే ఈ రోజు చివరి ప్రశ్న అడగకండి. టార్చి మళ్లీ తీయండి. చివరి ప్రశ్న రేపటికి ఆగుతుంది.

చాలామంది రెండు, నాలుగు చూపిస్తే, అప్పుడు మొదట మనం రాసుకున్న తీర్పు ప్రశ్న. ఆధారాలన్నీ బల్ల మీద ఉన్నాయి: మెల్‌బోర్న్ డిసెంబరు, రెండు దూరాలు, గళ్ల లెక్క, పగటి నిడివి, 12,750. పిల్లలు రెండు నిలువు గడులు గీసి, సరిపోయేవి ఒకవైపు, ఎదురు తిరిగేవి ఒకవైపు రాస్తారు. ఎనిమిది నిమిషాలు పడుతుంది. తర్వాత ఆ రెండో భాగం, "మీ వివరణ కూడా చెప్పలేనిది ఏమైనా ఉందా?" దీనికి మన వాతావరణంలోనే మంచి చిక్కు ఉంది. హైదరాబాదులో పగలు అన్నిటికంటే పొడుగు జూన్ 21న. మరి మండేది మే నెల. మేలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 39 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే, జూన్‌లో 35కు దిగుతుంది. ఇంకా గట్టిది, సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. ఆ మధ్యాహ్నాల్లో నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. సూర్యుడు అదే ఎత్తు, పగలు దాదాపు అంతే పొడుగు. మరి ఆగస్టు మేలాగా ఎందుకు మండదు?

వంపు ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు. పిల్లల్లో పొలం పనులు తెలిసినవాళ్లు ముందుగా అంటారు: "వానలు పడుతుంటాయి సార్, మబ్బు ఉంటుంది." నైరుతి రుతుపవనాలు జూన్‌లో వచ్చి మబ్బు పట్టిస్తాయి, నేలను తడుపుతాయి. ఎండలో కొంత ఆ తడిని ఆరబెట్టడానికే పోతుంది. అంటే వంపు వివరణ తప్పు కాదు, మనలాంటి చోట అది ఒక్కటే చాలదు. తమ చేతిలో ఉన్న సరైన వివరణకు హద్దు ఎక్కడో చూపించగలిగిన పిల్ల, నా లెక్కలో, మూల్యాంకనం చేసినట్టే. ఇది పాఠ్యపుస్తకంలో ఒకే వాక్యంగా ఉండదు కాబట్టి బట్టీ పట్టి చెప్పడానికి వీలు లేదు. అయితే వచ్చే ఏడాది ఇదే ప్రశ్నను ఇదే పాఠశాలలో అడిగితే అన్నల నోటుపుస్తకాల నుంచి వచ్చేస్తుంది. అప్పుడు చెన్నై తీసుకోండి. అక్కడ పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. పిల్లలు మళ్లీ ఆలోచించాల్సిందే.

ఇంతసేపూ పిల్లలందరూ ఒకేలా ఉన్నట్టు మాట్లాడాను. మీ ముఖాలు చూస్తుంటే ప్రశ్నలు తెలుస్తున్నాయి. అడగండి.

(సభలో నుంచి ఒక ఉపాధ్యాయిని: "మా తరగతిలో యాభై మంది ఉన్నారు. వాళ్లలో పదిహేను మందికి అక్షం అంటేనే తెలియదు. వాళ్లను వదిలేసి ముందుకు వెళ్లమంటారా?")

వదలమనను మేడమ్. కానీ మనం సాధారణంగా చేసేది ఏమిటి? చదువులో వెనకబడినవాళ్లకు "ఎన్ని డిగ్రీలు?" అన్న ప్రశ్న, ముందు బల్లవాళ్లకు "ఎందుకు?" అన్న ప్రశ్న. దయతోనే చేస్తాం. ఆ దయ వల్ల వెనక బల్లవాడికి పదేళ్ల చదువులో ఒక్కసారి కూడా ఆలోచించే ప్రశ్న రాదు. నల్లబల్ల మూలన మూడు సంగతులు చెరపకుండా ఉంచమన్నది ఇందుకే. గుర్తు లేనివాడు చూసుకుంటాడు. గుర్తుంచుకోవడం రానివాడికి పోల్చడం రాదని ఎవరన్నారు? ఆగస్టులో మబ్బు ఉంటుందన్న జవాబు ఎటు నుంచి వస్తుందో మీరే చూడండి. ఆ పదిహేను మందికి మే, ఆగస్టుల ప్రశ్నే ముందుగా ఇవ్వండి. అక్షం అన్న మాట వాళ్లకు అప్పుడు అవసరం పడుతుంది, అవసరం పడ్డాక చెప్పండి.

(మరో ఉపాధ్యాయుడు: "సార్, ఇలా ఒక పాఠానికి రెండు పీరియడ్లు పడితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? ఫార్మేటివ్ పరీక్షలు నెత్తి మీద ఉంటాయి.")

ప్రతి పాఠానికీ చేయవద్దు. చేయలేరు కూడా. పిల్లల సొంత వివరణ బలంగా ఉండి, అది పుస్తకం చెప్పేదానికి అడ్డుపడే పాఠాలు కొన్నే ఉంటాయి. ఋతువులు అలాంటిది. బరువైన వస్తువు ముందు కింద పడుతుందన్నది అలాంటిది. మొక్క ఆహారమంతా మట్టిలోంచే తీసుకుంటుందన్నది అలాంటిది. యూనిట్‌కు ఒకటి ఎంచుకోండి. వాతావరణ పొరల పేర్ల పాఠానికి ఈ వరుస అవసరం లేదు. అక్కడ పేర్లు నేర్పండి, "స్ట్రాటో..." అని ఆపినా నాకు అభ్యంతరం లేదు.

(నవ్వులు)

టార్చిలు, గళ్ల కాగితాలు వెనక బల్ల మీద పెట్టాం. టీ వచ్చేలోగా పక్కనున్నవాళ్లతో కలిసి మీ పాఠ్యపుస్తకంలో ఒక పాఠం తీసుకుని చివరి ప్రశ్న ఒక్కటి రాయండి. క్రియల పట్టిక తీయవద్దు. ఆ ప్రశ్నకు పుస్తకంలో నేరుగా వాక్యం దొరికితే, కొట్టేసి ఇంకొకటి రాయండి.